బాణాలు గీసిన నోట్సును సారాంశంగా మార్చాలంటే ఏది మేలు: ఫోటోనా, చేత్తో శుభ్రప్రతా, చదివి రాయించడమా?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మేముండే అపార్టుమెంటులో ఇరవై ఫ్లాట్లు. సంఘం కార్యదర్శిగా సమావేశాల్లో నోట్సు రాసుకునేది నేనే. సెప్టెంబరులో జరిగే సమావేశం మాకు ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తర్వాత నీళ్లు, కరెంటు లేక పడిన ఇబ్బంది పాత కుటుంబాలకు ఇంకా గుర్తుంది. అందుకే ట్యాంకు, జనరేటర్ పనులు అక్టోబరు మొదటి వారం దాటనివ్వం. ఆ పనుల జాబితా తప్పుగా వెళ్తే తుపాను రోజున తెలుస్తుంది.

మొన్నటి సమావేశం నోట్సు ఒక్క పేజీయే. పైన ‘ట్యాంకు శుభ్రం – 2 కొటేషన్లు’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. దాని కింద ఎక్కడో ‘ట్యాంకు అడుగు పైపు జాయింటు కారుతోంది’ అని ఉంది. అక్కడి నుంచి ఒక బాణం పైకి లేచి ట్యాంకు వాక్యం ముందుకు వెళ్లింది. కుడి అంచున ‘జనరేటర్ సర్వీసు → 302’, దాని పక్కనే ‘18,000 → 16,500’. ఇంకొంచెం కింద ‘వర్షాలు → అక్టోబరు 5’. చివర ‘గోడలకు రంగు – వచ్చే ఏడాది?’ అని రాసి కింద ఒక గీత గీశాను.

బాణాలు నాలుగే కానీ ఏ రెండింటి అర్థమూ ఒకటి కాదు. పైకి లేచిన బాణం ‘ఇది ముందు జరగాలి’ అంటుంది. 302 వైపు చూసేది ‘ఈ పని వారికి అప్పగించాం’ అంటుంది. అంకెల మధ్యది ‘బేరమాడితే ఇంతకు తగ్గింది’ అని. వర్షాల పక్కది ‘అందువల్ల ఈ తేదీలోపు’ అని. ఈ పేజీని సారాంశంగా మార్చడమంటే నాలుగు గుర్తులను నాలుగు వేర్వేరు మాటలుగా మార్చడమే. నేను వాడి చూసిన మూడు పద్ధతులనూ ఈ కొలతతోనే పోలుస్తున్నాను.

మొదటిది, ఫోనుతో ఫోటో తీసి అందులోని అక్షరాలను పాఠంగా మార్చుకోవడం. ఒక్క నిమిషంలో పని అయిపోతుంది, అసలు పేజీ బొమ్మ కూడా దగ్గర ఉంటుంది. అయితే ఆ సౌకర్యం పేజీని పై నుంచి కిందకు వరుసల చొప్పున చదువుతుంది. దాని వరుసలో ట్యాంకు శుభ్రం ముందు వచ్చింది, జాయింటు తర్వాత వచ్చింది, పైకి లేచిన బాణం మాయమైంది. ఆ వరుసనే నమ్మి పని మొదలుపెడితే ట్యాంకు కడిగించి, నింపించి, మర్నాడు ప్లంబరు రాగానే జాయింటు విప్పడానికి ఆ నీళ్లన్నీ వదిలేయాల్సి వచ్చేది. 302 ముందున్న బాణాన్ని 7గా చదవడంతో మా అపార్టుమెంటులో లేని 7302 అనే ఫ్లాటు పుట్టింది. కింది గీత ఒత్తులకు తగిలిన చోట తెలుగు మాటలు విరిగిపోయాయి. అలా విరిగిన మాట కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దుకోవచ్చు. మాయమైన బాణం చోట మాత్రం ఖాళీ కూడా కనిపించదు. అందుకే దిద్దుబాటుకు అరగంట పట్టినా ఆ తప్పు మిగిలిపోయింది.

రెండోది, చేత్తో శుభ్రప్రతి రాయడం. మూడో అంతస్తులో ఉండే పదవీవిరమణ చేసిన మాస్టారు ఏళ్ల తరబడి ఇలాగే రాశారు. అంకెలు తప్పకపోవడం, అర్థంకాని మాట దగ్గర చెయ్యి ఆగిపోవడం ఇందులోని మేలు. ఇబ్బంది కూడా బాణం దగ్గరే వస్తుంది. చూసి రాసేటప్పుడు బాణాన్ని మళ్లీ బాణంగానే గీసేస్తాం. నా శుభ్రప్రతిలో ఆ నాలుగు బాణాలూ అందంగా, తిన్నగా ఉన్నాయి. అది చూసి మాస్టారు, “ఈ బాణం 302 వారు చేస్తారనా అమ్మా, 302 వారి జనరేటర్ అనా?” అని అడిగారు. సమావేశంలో లేనివారికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. పైగా శుభ్రప్రతి మాటలు వచ్చిన వరుసలో ఉంటుంది, పనులు జరగాల్సిన వరుసలో ఉండదు.

మూడోది, పేజీని పైకి చదువుతూ ఫోనులో మాటతో రాయించడం. నా ఓటు దీనికే. బాణాన్ని నోటితో పలకలేం. ‘జనరేటర్ సర్వీసు’ అన్నాక నోరు ఆగుతుంది. ‘302 వారు చేయిస్తారు’ అనో, ‘302 వారితో మాట్లాడాలి’ అనో ఏదో ఒక క్రియ ఎంచుకోక తప్పదు. ఏది ఎంచుకోవాలో గుర్తు రాకపోతే వెంటనే వారికే ఫోను చేసి అడుగుతాను. అందుకే ఈ పని సమావేశం జరిగిన సాయంత్రమే చేస్తాను. రెండు రోజులు ఆగితే బాణం గీసిన నాకే దాని అర్థం తెలియదు.

చదివే ముందు ఎర్ర పెన్నుతో ఐదు నిమిషాల పని ఒకటుంది. ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం వేస్తాను: నిర్ణయమైతే ‘ని’, పనైతే ‘ప’, తేలని ప్రశ్నైతే ‘ప్ర’. కింది గీతల సంగతి తేలేది ఇక్కడే. ట్యాంకు కింద రెండు గీతలు పడ్డాయంటే ఆ మాట ఎవరో గట్టిగా అన్నారు, నా చెయ్యి ఒత్తి గీసింది. రంగు కింద కూడా గీత ఉంది కానీ దానిపై ఎవరూ ఒప్పుకోలేదు. గీత ఉన్నంత మాత్రాన నిర్ణయం కాదు కాబట్టి, ‘అందరూ సరే అన్నారా?’ అని ప్రతి గీతనూ అడిగి చూస్తాను. తర్వాత ముందు ‘ని’లన్నీ, వాటి తర్వాత ‘ప’లు, చివర ‘ప్ర’లు చదువుతాను. చదివే వరుసే సారాంశం వరుస అవుతుంది.

దీనికీ లోపాలున్నాయి. మాటతో రాయిస్తే విరామచిహ్నాలు సరిగా పడవు, ఫ్యాను చప్పుడుకు మాటలు మారిపోతాయి, అంకెలను అసలు నమ్మకూడదు. ‘పదహారు వేల ఐదు వందలు’ ఒకసారి 16,005గా పడింది. అందుకే డబ్బు, తేదీ, ఫ్లాటు నంబరు చేత్తోనే టైపు చేస్తాను. ఇవన్నీ కలిపినా నాకు పట్టింది ఇరవై ఐదు నిమిషాలు.

బాణాలు లేని పేజీలకు మాత్రం ఫోటోయే మేలు. హాజరు జాబితా, ఫ్లాటువారీ ఫిర్యాదులు, కొటేషన్ ధరలు వంటి వరుస జాబితాలను చదివి రాయించడం వృథా శ్రమ.

వాట్సాప్ గ్రూపులోకి పంపడానికి సిద్ధమైన పాఠం ఇది. నిలువు వరుసలతో పట్టిక చేస్తే చిన్న తెరపై చెదిరిపోతుంది. అందుకే ఒక్కో పని ఒక్కో వాక్యంగా, చేసేవారు ముందు వచ్చేలా రాశాను.

నిర్ణయం: జనరేటర్ సర్వీసుకు రూ.16,500 కొటేషన్ ఒప్పుకున్నాం. మొదట వారు రూ.18,000 అడిగారు.
104 వారు: ట్యాంకు ఖాళీ చేయించి, ముందు అడుగు పైపు జాయింటు బాగు చేయిస్తారు.
201 వారు: జాయింటు పని అయ్యాకే, అదే రోజు ట్యాంకు కడిగిస్తారు.
302 వారు: జనరేటర్ సర్వీసు చేయిస్తారు.
తేలనిది: గోడలకు రంగు. వచ్చే సమావేశంలో మాట్లాడాలి.

పంపే ముందు చివరి పరీక్ష లెక్కపెట్టడం. పేజీలో బాణాలెన్ని, పాఠంలో వాటికి బదులు వచ్చిన మాటలెన్ని? ‘అయ్యాకే’ ఒకటి, ‘302 వారు చేయిస్తారు’ రెండు, ‘మొదట అడిగారు’ మూడు. పేజీలో నాలుగున్నాయి. వర్షాల పక్కనున్న బాణం జారిపోయింది, దానితోపాటు గడువు కూడా. ‘వర్షాలు ముదిరేలోపు, అంటే అక్టోబరు 5 నాటికి పై మూడు పనులూ పూర్తి కావాలి’ అనే వాక్యం కలిపి పంపాను.