కేబుల్ కొనేవాళ్లు జాగ్రత్త: ఒక్క గుణకారం గుర్తు దగ్గర మేము ఎలా మునిగామంటే

ఏడాది పాటు విడతలుగా సరుకు తెప్పించుకునే ఆర్డర్ ఎవరైనా పెట్టబోతుంటే సంతకానికి ముందు ఇది ఒకసారి చదవండి. సప్లయర్ పేరు రాయను, వివాదం ఇంకా పూర్తిగా తెగలేదు.

మా షెడ్ విస్తరణకి 10 కిలోమీటర్ల అల్యూమినియం కేబుల్ కావాల్సి వచ్చింది. 3.5 కోర్, 185 స్క్వేర్, ఆర్మర్డ్. కిలోమీటరు 8 లక్షలకి మాట్లాడుకున్నాం. అల్యూమినియం రేటు ఊగుతూ ఉంటుంది కాబట్టి ప్రైస్ వేరియేషన్ క్లాజు పెడదామన్నారు, అందులో తప్పేం లేదు, సరేనన్నాం. (దీన్నీ పీవీసీ అనే అంటారు, కేబుల్ మీద తొడుగూ పీవీసీనే, మా అకౌంట్స్ అబ్బాయి ఒక నెలంతా రెండూ ఒకటే అనుకున్నాడు.) వాళ్లు పంపిన డ్రాఫ్ట్‌లో ఫార్ములా ఇదీ:

```
P = P0 × (A / A0)
```

P0 ఒప్పుకున్న ధర, A0 మొదట్లో అల్యూమినియం రేటు, A సరుకు ఇచ్చేనాటి రేటు. "అందరూ వాడేదే సార్" అన్నాడు మార్కెటింగ్ ఆయన. చూడటానికి ముచ్చటగానే ఉంది, నేనూ తలూపేశాను.

అల్యూమినియం కిలో 200 నుంచి 240కి వెళ్లింది, అంటే 20 శాతం. దాంతో బిల్లు కిలోమీటరుకి 9,60,000 అయింది. లక్షా అరవై వేలు ఎక్కువ! అప్పుడు కూర్చుని లెక్క వేశాను, ఆ పని మూడు నెలల ముందే చేయాల్సింది. మూడు కోర్లు 185 చొప్పున 555, సగం కోర్ 95, మొత్తం 650 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని అల్యూమినియం సాంద్రత 2.7తో గుణిస్తే కిలోమీటరుకి 1,755 కిలోల లోహం. కోర్లు మెలితిప్పి ఉంటాయి కాబట్టి కాస్త పెరగొచ్చు, కానీ దగ్గరదగ్గర అంతే. కిలోకి 40 రూపాయలు పెరిగితే వాళ్లకి నిజంగా పెరిగిన ఖర్చు 70,200. మిగతా 89,800 దేనికి? ఉక్కు ఆర్మర్‌కి, ప్లాస్టిక్‌కి, కూలికి, వాళ్ల లాభానికి కూడా అల్యూమినియం రేటు అంటగట్టి వసూలు చేశారన్నమాట, ఎందుకంటే ఆ గుణకారం మొత్తం 8 లక్షల మీద పడుతోంది, లోహం ఉన్న మూడున్నర లక్షల మీద కాదు.

ఉండాల్సింది ఇలా:

```
P = P0 + F × (A − A0)
```

F అంటే కిలోమీటరు కేబుల్‌లో ఉన్న లోహం బరువు. విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం ఐఈఈఎంఏ కేబుళ్లకి ఇచ్చే ఫార్ములాలు కూడా ఈ తీరులోనే, తేడాని ఒక ఫ్యాక్టర్‌తో గుణించి కలిపేలా ఉంటాయి. F అంకెని సైజువారీగా కాంట్రాక్టులోనే రాయించండి. ఉక్కు, ప్లాస్టిక్ కూడా కలపాలంటే వాటికి విడివిడిగా ఇలాంటి పదాలే చేర్చుకోవచ్చు.

రెండో దెబ్బ తేదీది. జూన్‌లో రావాల్సిన 6 కిలోమీటర్లు వాళ్ల ఆలస్యం వల్లే ఆగస్టులో వచ్చాయి, బిల్లులో మాత్రం ఆగస్టు రేటు 240 వేశారు. జూన్ రేటు 225. సరైన ఫార్ములాతో జూన్ రేటు వేసి ఉంటే కిలోమీటరుకి 43,875తో పోయేది. క్లాజులో "సరఫరా తేదీ నాటి రేటు" అని మాత్రమే ఉంది, ఏ సరఫరా తేదీ అని లేదు. సప్లయర్ వల్ల ఆలస్యమైతే ఒప్పుకున్న తేదీ రేటు, అసలు తేదీ రేటు, రెండిట్లో ఏది తక్కువైతే అది అని రాసుకోవాలి. ప్రభుత్వ కొనుగోళ్లలో గడువు దాటాక పెంపు ఇవ్వరు, తగ్గితే మాత్రం తగ్గిస్తారు, ఆ వాక్యం మనమెందుకు పెట్టుకోలేదో నాకే తెలీదు. ఇంకోటి, మేము 20 శాతం అడ్వాన్స్ ఇచ్చాం. ఆ డబ్బుతో లోహం ముందే కొనుక్కోవచ్చు కదా, ఆ వాటా మీద కూడా పెంపు కట్టాం.

A0 కూడా మాటల్లో వదలొద్దు. "ఆర్డర్ నాటి మార్కెట్ రేటు" అంటే ఎవరి మార్కెట్? ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో ఇంగాట్ ధరా, లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ అనే ఎల్ఎంఈ నెల సగటా? ఎల్ఎంఈ అయితే డాలర్లలో ఉంటుంది, ఏ రోజు మారకం రేటుతో రూపాయల్లోకి మార్చాలో కూడా రాయాలి. 2022 మార్చి మొదట్లో అక్కడ టన్ను 4,000 డాలర్ల దాకా ఎగిరి, సెప్టెంబరుకల్లా 2,300 చుట్టుపక్కలకు దిగింది, అలాంటి ఏడాదిలో ఒక్కరోజు రేటు పట్టుకుంటే ఎవరో ఒకరు మునుగుతారు, అందుకే నెల సగటు మేలు. A0 దగ్గర తేదీ, పేరు, అంకె మూడూ ఉండాలి.

మా క్లాజులో "పెరిగిన పక్షంలో" అనే మాట ఉంది, "తగ్గిన పక్షంలో" లేదు. మిగిలిన 4 కిలోమీటర్లకి కొత్త ఫార్ములాతో సవరణ రాయించుకున్నాం, తగ్గుదల కూడా చేర్పించాం. పాత 6 కిలోమీటర్ల బిల్లులో 5,38,800 మేము ఎక్కువ కట్టామన్నది ఫార్ములా తేడా ఒక్కదానికే, తేదీ గొడవ దాని మీద అదనం. వాళ్లు మాత్రం సంతకం చూపిస్తున్నారు.