కొత్తగా చేరేవాళ్లకు లీడ్ రాసే మెయిల్: ఆప్యాయంగా ఉండాలా, వివరంగా ఉండాలా?

కొత్తగా లీడ్ అయినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "సోమవారం మా టీమ్‌లో ఒకరు చేరుతున్నారు. వెల్‌కమ్ మెయిల్ ఎలా రాయమంటారు?" ఈమధ్య ఒకే ఆఫీసు నుంచి ఇద్దరు లీడ్‌లు తాము రాసుకున్నవి చూపించి ఏది మేలో చెప్పమన్నారు. ఆఫీసు రాయదుర్గం దగ్గర. చేరబోయేవాళ్లలో ఒకరు విజయవాడ నుంచి మకాం మారుస్తున్నారు, ఇంకొకరిది ఉప్పల్. ఇద్దరికీ రెండు మూడేళ్ల అనుభవం ఉంది. మెయిళ్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి, సారం తెలుగులో చెబుతాను.

మొదటి మెయిల్ ఇలా సాగుతుంది: "మా కుటుంబంలోకి స్వాగతం. మీ రాక కోసం టీమ్ అంతా ఉత్సాహంగా ఎదురుచూస్తోంది. మీ ప్రతిభ మాకు ఎంతో ఉపయోగపడుతుందని నమ్ముతున్నాం. సోమవారం ఉదయం కలుద్దాం. ఏ సందేహం ఉన్నా మొహమాటపడకుండా అడగండి." చదవడానికి బాగానే ఉంది. కానీ పేరు మార్చేస్తే ఈ మెయిల్ ఎవరికైనా సరిపోతుంది. ఇంటర్వ్యూలో చేరబోయే అమ్మాయితో గంటసేపు మాట్లాడిన మనిషి రాసినట్టు ఇందులో ఒక్క ముక్కా లేదు. పైగా 'సోమవారం ఉదయం' అంటే తొమ్మిదా, పదిన్నరా? ఏ టవర్? గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలి? మొహమాటపడొద్దని రాశారు గానీ ఫోన్ నంబరు ఇవ్వలేదు.

రెండో మెయిల్ దీనికి పూర్తిగా ఎదురు. ఇరవైకి పైగా పాయింట్లు. రిపోర్టింగ్ టైమ్, టవర్, ఫ్లోర్, వెంట తెచ్చుకోవాల్సిన ఒరిజినల్స్, ల్యాప్‌టాప్ ఎక్కడ తీసుకోవాలి, శుక్రవారంలోపు పూర్తి చేయాల్సిన ట్రైనింగులు, మొదటి రెండు రోజుల్లోనే అయిదు కేటీ సెషన్లు. యూఏఎన్ నంబరు, పాన్, రిలీవింగ్ లెటర్ లాంటివి హెచ్ఆర్ వాళ్లు ఎలాగూ ముందే అడిగి ఉంటారు, మళ్లీ ఇక్కడా ఉన్నాయి. చదువుతుంటే కరెంటు ఆఫీసు నోటీసులా ఉంటుంది. అయినా ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. సోమవారం పొద్దున గేటు దాటించేది ఇదే.

అయితే నా దృష్టిలో అసలు తేల్చాల్సిన విషయం మొదటి పూట కాదు. ఆ పూట సెక్యూరిటీ, హెచ్ఆర్, ఐటీ డెస్క్ ఎలాగో నడిపించేస్తాయి. ఇబ్బంది మంగళవారం నుంచి మొదలవుతుంది. చేతిలో ల్యాప్‌టాప్ ఉంటుంది, యాక్సెస్ ఉండదు. వీపీఎన్ రిక్వెస్ట్ ఒకరి అప్రూవల్ కోసం ఆగి ఉంటుంది, కోడ్ రెపోకి ఇంకొకరు ఓకే చెప్పాలి, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌కి వేరే టికెట్. లీడ్ చూస్తే మీటింగుల్లో ఉంటారు. కొత్తమనిషి స్క్రీన్ ముందు కూర్చుని, పని లేకుండా ఉన్నట్టు కనబడితే ఏమనుకుంటారోనని హెచ్ఆర్ పాలసీ పీడీఎఫ్‌నే మళ్లీ మళ్లీ తిరగేస్తుంటారు. తప్పు తనదేనేమోనన్న టెన్షన్ కూడా మొదలవుతుంది. ఈ రోజుల గురించి రెండు మెయిళ్లలోనూ ఒక్క మాట లేదు.

రెండో మెయిల్ రాసినతన్ని ఒక పేరా కలపమన్నాను. అది ఇలా తయారైంది: "మీ యాక్సెస్‌లన్నీ రావడానికి బుధ, గురువారాల దాకా పట్టవచ్చు. మా దగ్గర అందరికీ అంతే పట్టింది, కంగారుపడకండి. ఈలోగా మంగళవారం మధ్యాహ్నం నేను చూసే ప్రొడక్షన్ సపోర్ట్ కాల్‌లో పక్కన కూర్చుని వినండి, నోట్స్ రాసుకోవక్కర్లేదు. ఏ టికెట్ ఎవరి దగ్గర ఆగిందో మీ బడ్డీకి తెలుసు, పేరు, నంబరు కింద ఇచ్చాను. మొదటి వారంలో మీ నుంచి కోడ్ ఆశించడం లేదు. బుధవారం నాలుగింటికి మనిద్దరం అరగంట మాట్లాడుకుందాం." ఇందులో పొగడ్త లేదు, ఉత్సాహం లేదు. మొదటి మెయిల్ మొత్తంలో ఉన్న ఆప్యాయత కన్నా నాకు ఇక్కడే ఎక్కువ కనిపించింది. వచ్చే మనిషి మంగళవారం మధ్యాహ్నం ఎలా ఉంటారో ముందే ఊహించి రాసిన మాటలివి.

బడ్డీ పేరు రాసే ముందు ఆ వారం వాళ్లు సెలవులో లేరని, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో లేరని చూసుకోవాలి. అడగకుండా పేరు పెట్టేసే లీడ్‌లూ ఉన్నారు. అలాంటప్పుడు సోమవారం ఆ బడ్డీ కూడా కొత్తమనిషితో పాటే ఆశ్చర్యపోతారు.

రెండో మెయిల్‌లో ఇంకో పెద్ద లోపం లింకులు. వెళ్లేది పర్సనల్ మెయిల్ ఐడీకి. ఆఫీసు ఐడీకి పంపితే చేరేదాకా తెరవలేరు కాబట్టి అది సరైనదే. కానీ ఇచ్చిన లింకుల్లో చాలావరకు ఆఫీసు నెట్‌వర్క్‌లో తప్ప తెరుచుకోనివి. ఇల్లు సర్దుకుంటూ ఆదివారం రాత్రి ఒక్కొక్కటీ నొక్కి చూసే మనిషికి ఎర్రర్ పేజీలే కనిపిస్తాయి. పంపేముందు లీడ్ తన ఫోన్‌లో, ఆఫీసు వైఫై ఆపేసి, ఇన్‌కాగ్నిటో విండోలో ఆ లింకులు నొక్కి చూస్తే తెలిసిపోతుంది. తెరుచుకోనివి తీసేసి, చేరాక ఆఫీసు ఐడీకి పంపితే సరి. క్లయింట్ పేరు, రెపో అడ్రస్, పాస్‌వర్డ్ లాంటివి పర్సనల్ ఐడీకి అసలు వెళ్లకూడదు. టీమ్ మొత్తాన్నీ సీసీలో పెట్టడం కూడా వద్దు. వాళ్ల పర్సనల్ ఐడీ అందరికీ తెలిసిపోతుంది. పరిచయం మెయిల్ సోమవారం విడిగా పంపుకోవచ్చు.

దారి గురించి రెండు వాక్యాలు రాస్తే చాలు, కానీ అవి ఆ మనిషికి సరిపోయేవి కావాలి. ఉప్పల్ నుంచి వచ్చేవాళ్లకు నాగోల్–రాయదుర్గం మెట్రో నేరుగా ఉంది, రాయదుర్గమే చివరి స్టేషన్. ఎల్బీ నగర్–మియాపూర్ లైన్‌లో వచ్చేవాళ్లు అమీర్‌పేటలో మారాలి. కంపెనీ క్యాబ్ ఉందని రాసి వదిలేస్తే మాత్రం తప్పుదారి పట్టించినట్టే. రోస్టర్‌లో పేరు ఎక్కేదాకా క్యాబ్ రాదు కదా. మొదటి రోజుల్లో సొంతంగా రావాలని స్పష్టంగా చెప్పాలి.

మొదటి మెయిల్‌ను పూర్తిగా పారేయమనను. అది రాసిన లీడ్ మాటల్లో ఒక వాక్యం రెండోదానిలోకి తప్పక తీసుకోవాలి: "నన్ను పేరుతోనే పిలవండి, మేడమ్ అక్కర్లేదు." మేడమ్, సర్ అని పిలవడం అలవాటైన ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లకు ఈ ఒక్క మాటతో మొదటి రోజు సగం ఇబ్బంది తీరుతుంది. దానికి ఇంటర్వ్యూలో విన్న సంగతి ఒకటి కలపమన్నాను. ఆ అమ్మాయి పాత కంపెనీలో రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్‌ను ఎలా సరిచేసిందో చెప్పిందట. "అలాంటి జాబ్ ఒకటి మా దగ్గరా ఉంది, మీకు చూపిస్తాను" అని రాస్తే 'మీ ప్రతిభ' అన్న మాట ఇక అక్కర్లేదు.

హెచ్ఆర్ టెంప్లేట్ మీద పేరు మార్చి పంపడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అది హెచ్ఆర్ నుంచి వస్తేనే సబబు. వాట్సాప్‌లో "హాయ్, వెల్‌కమ్, సీ యూ మండే" అని పెట్టడం ఆదివారం సాయంత్రం పలకరింపుగా బాగుంటుంది. వివరాలకు మాత్రం మెయిలే నయం, గేటు దగ్గర వెతుక్కోవడానికి తేలిక. ఆ మెయిల్ కూడా గురువారం మధ్యాహ్నంలోగా వెళ్లాలి. శుక్రవారం రాత్రికల్లా విజయవాడ నుంచి వచ్చేవాళ్లు సామాన్లతో బస్సులో ఉంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ పెట్టెలో సర్దారో అప్పుడు గుర్తు చేసి లాభం లేదు.