ప్రతి పోర్షన్‌కూ రిపేర్ల రికార్డు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

అద్దెకిచ్చిన పోర్షన్లలో జరిగిన ప్రతి రిపేరునూ కొన్నేళ్లుగా ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాస్తున్నాను. మొత్తం ఎంత ఖర్చయిందో బిల్లులు కూడితే ఎలాగూ తెలుస్తుంది. ఈ షీట్ విలువంతా ఒకే జబ్బు మళ్లీ మళ్లీ వస్తోందని పట్టించడంలోనే ఉంది. ఒక ఏసీ విషయంలో అది నాకు బాగా అర్థమైంది.

మేడమీది పోర్షన్‌లో వేసవి మొదలవగానే ఏసీ చల్లబడటం లేదని ఫోన్ వచ్చేది. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందని చెప్పి నింపి వెళ్లేవాడు. ప్రతిసారీ కొత్త మనిషే కాబట్టి వాళ్లలో ఎవరికీ అనుమానం రాలేదు. షీట్‌లో ఆ ఏసీ వరుసలు మాత్రమే విడదీసి చూస్తే 'గ్యాస్ ఫిల్లింగ్' అనే మాట ఏటా కనిపించింది. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే.

ఆ వరుసలు చూపించి, లీకు పట్టుకునేదాకా గ్యాస్ నింపవద్దని తర్వాత వచ్చిన మెకానిక్‌కు చెప్పాను. అతను మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసి, పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ పూశాడు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర పైపును బిగించే ఫ్లేర్ నట్ చుట్టూ నూనె మరక ఉంది, బుడగలు వచ్చిందీ అక్కడే. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో కలిసి తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట అలాంటి జిడ్డు మరక తరచుగా కనిపిస్తుంది. కాపర్ పైపు చివర కోసి, ఆ అంచును గరాటులా విప్పి ఫ్లేర్ కొత్తగా వేసి, పైపుల్లో గాలి లాగేసి వాక్యూమ్ చేసి, యూనిట్ మీది ప్లేటులో రాసినంత గ్యాస్‌ను తూకం వేసి నింపాడు. ఈ పని ఒక మామూలు ఫిల్లింగ్ కంటే ఖరీదే. అయినా అంతకుముందు ఫిల్లింగులకు పోసినదంతా కలిపితే ఇది తక్కువే. ఆ తర్వాత ఆ వరుసల్లో గ్యాస్ మాట మళ్లీ రాలేదు.

అందుకే 'ఏసీ రిపేరు, ఇంత' అని రాసే రికార్డు నా దృష్టిలో సగం రికార్డే. అద్దెకున్నవాళ్లు ఏమని చెప్పారు, మెకానిక్ ఏం కనుక్కున్నాడు, ఏం మార్చాడు అనే మూడింటికీ వేరువేరు గడులు కావాలి. సామాను ఖర్చునూ కూలీనీ కూడా విడిగా రాయాలి. వారంటీలో కంపెనీ ఒక్కోసారి సామాను ఉచితంగా ఇచ్చినా కూలీ మనమే కట్టాలి. రెండూ కలిపి రాస్తే ఏది మిగిలిందో తేలదు.

పోర్షన్‌కొక షీట్ పెట్టడం నాకు నచ్చలేదు. అన్నీ ఒకే షీట్‌లో ఉండి, పోర్షన్ పేరు ఒక గడిగా ఉంటే, ఫిల్టర్ పెట్టుకుని ఒక ఇంటి చరిత్ర చూడొచ్చు, ఒక మెకానిక్ చేసిన పనులన్నీ కూడా చూడొచ్చు. వస్తువుకు గుర్తుగా సీరియల్ నంబరే రాయాలి. గీజర్‌ను ఒక పోర్షన్ నుంచి తీసి ఇంకోదానిలో బిగిస్తే దాని పాత కథ దాని వెంటే వస్తుంది. స్ప్లిట్ ఏసీలో లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ వేర్వేరు సీరియల్ నంబర్లుంటాయి. రెండూ రాసుకోవాలి.

వారంటీ గడిలో ఒకే తేదీ చాలదు. ఏసీలో కంప్రెసర్‌కూ, గీజర్‌లో ట్యాంకుకూ మిగతా భాగాల కంటే ఎక్కువ కాలం వారంటీ ఇవ్వడం మామూలే. మొత్తం వస్తువు వారంటీ అయిపోయిందని డబ్బు కట్టేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. వస్తువు కొన్న రోజే బిల్లును ఫోటో తీసి ఆ వరుసకు లింకు పెట్టాలి. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొంతకాలానికి వెలిసిపోతాయి, అప్పుడు కొన్న తేదీకి రుజువు ఉండదు.

పనివాళ్ల నంబర్లకు వేరే షీట్ ఉంది. పేరు, నంబరు పక్కన ఏ పని బాగా చేస్తాడు, చేసిన పనికి ఎన్నాళ్లు పూచీ ఇస్తాడు అని రాస్తాను. ఆ పూచీని బిల్లు మీదే రాయించుకుంటే, అదే జాయింటు మళ్లీ కారినప్పుడు వాదన ఉండదు.

ఈ పద్ధతిలో నాకు ఇంకా తృప్తినివ్వనిది ఒకటుంది. అద్దెకున్నవాళ్లు తామే ఎవరినో పిలిపించి, ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకుంటే ఏం మార్చారో షీట్‌కు చేరదు. అందుకే బిల్లు ఫోటో, తీసేసిన పాత భాగం ఫోటో పంపాకే అద్దె తగ్గిస్తానని ముందే చెప్పి ఉంచుతున్నాను. చాలామంది పంపుతున్నారు. పంపనివాళ్ల వరుసలో 'వివరం తెలియదు' అని రాస్తాను, ఆ గడి ఖాళీగా వదలను.