మొత్తం శాతమా, విడివిడి శాతమా: ఏది మేలు?

నల్లగొండ చుట్టుపక్కల పొలంలో ఎవరినైనా పాము కరిస్తే ముందు వచ్చే పంచాయితీ ఏ దవాఖానకు తీసుకుపోవాలన్నది. “పెద్ద దవాఖానకు పోయినోళ్లు తిరిగొస్తరా?” అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట వెనక లెక్క లేకపోలేదు. అయితే ఆ లెక్కను ఎట్లా చూడాలన్నదే అసలు ప్రశ్న.

అర్థం కావడానికి నేనే అల్లిన అంకెలు ఇవి, ఏ దవాఖానవీ కావు. జిల్లా కేంద్రంలోని పెద్ద దవాఖానలో 400 మంది పాముకాటు రోగులు చేరితే 66 మంది చనిపోయారు, అంటే 16.5 శాతం. మండలంలోని చిన్న నర్సింగ్ హోమ్‌లోనూ 400 మందే చేరారు, చనిపోయింది 40 మంది, 10 శాతం. ఇంతవరకే చూస్తే నర్సింగ్ హోమే నయం.

ఇప్పుడు చేరినప్పటి పరిస్థితిని బట్టి విడదీద్దాం. రక్తపింజర విషం ఎక్కిందా లేదా అని చూడటానికి కొంచెం రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని వంచితే రక్తం గడ్డకట్టకుండా జారితే విషం పనిచేస్తున్నట్టే. విరుగుడు మందు ఎక్కించకముందే చేసే పరీక్ష ఇది. పెద్ద దవాఖానకు వచ్చినవాళ్లలో 320 మందికి రక్తం గడ్డకట్టలేదు, వాళ్లలో 64 మంది పోయారు: 20 శాతం. గడ్డకట్టిన 80 మందిలో ఇద్దరు: 2.5 శాతం. నర్సింగ్ హోమ్‌లో గడ్డకట్టనివాళ్లు 80 మందే, వాళ్లలో 24 మంది పోయారు: 30 శాతం. గడ్డకట్టిన 320 మందిలో 16 మంది: 5 శాతం.

ప్రమాదంలో ఉన్నవాళ్లకూ పెద్ద దవాఖానే నయం, తేలికగా ఉన్నవాళ్లకూ అదే నయం. కలిపితే మాత్రం తలకిందులైంది. మాయేమీ లేదు, బరువైన కేసులు ఎక్కువగా 108లో అక్కడికే పోతాయి. దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని మీద రాశాడు, అదే రంగానికి చెందిన ఉడ్నీ యూల్ అయితే 1903లోనే గమనించాడు.

ఒక్క అంకెలోనే చెప్పాలంటే, రెండు చోట్లా ఒకే రకం రోగులు వస్తే ఎట్లా ఉండేదో లెక్కగట్టాలి. ఇక్కడ మొత్తం 800 మందిలో రెండు రకాలూ సరిసగం. కాబట్టి పెద్ద దవాఖానకు 20, 2.5ల సగటు 11.25 శాతం, నర్సింగ్ హోమ్‌కు 30, 5ల సగటు 17.5 శాతం. నా దృష్టిలో పేపర్లో వేయదగ్గ అంకె ఇదే.

“అయితే ఎప్పుడూ విడదీసే చూడాలన్నమాట” అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. అవే అంకెలతో ఇంకో కథ చూడండి. ఒకే దవాఖానలో విరుగుడు మందు ఎక్కించే రెండు పద్ధతులున్నాయి, ఎవరికి ఏ పద్ధతన్నది చీటీ తీసి నిర్ణయించారు. ఆరు గంటలయ్యాక అదే గాజు గొట్టం పరీక్ష మళ్లీ చేశారు. మొదటి పద్ధతిలో 320 మందికి ఇంకా రక్తం గడ్డకట్టలేదు, రెండో పద్ధతిలో 80 మందికే. చావుల లెక్క పైదే. విడదీస్తే మొదటి పద్ధతి మేలనిపిస్తుంది. కానీ ఈ గుంపులు మందు తర్వాత ఏర్పడ్డవి, మందు వల్లే ఏర్పడ్డవి. రెండో పద్ధతి ఓ మోస్తరు రోగులను గట్టెక్కించి ‘గడ్డకట్టిన’ గుంపులోకి పంపింది. మిగిలిన 80 మందీ మరీ చెడిపోయిన కేసులు, అందుకే అక్కడ 30 శాతం. ఇక్కడ విడదీయడమంటే మందు చేసిన మేలునే లెక్కలోంచి తీసెయ్యడం. మొత్తం శాతమే సరైనది: 16.5 కంటే 10 నయం, రెండో పద్ధతే మేలు.

పట్టిక ఒకటే, జవాబులు రెండు. తేడా అంకెల్లో లేదు, పరీక్ష చేసిన వేళలో ఉంది. విడదీసే గుణం చికిత్సకు ముందుదై, ఎవరు ఎక్కడికి పోతారన్న దాన్నీ, బతుకుతారా అన్నదాన్నీ రెంటినీ ప్రభావితం చేస్తే విడదీయాలి. చికిత్స ఫలితంగా వచ్చిందైతే ముట్టుకోవద్దు. వయసు, కాటుకూ చేరడానికీ మధ్య గడిచిన గంటలు మొదటి రకం. వెంటిలేటర్ మీద పెట్టారా, ఎన్నిరోజులు ఉన్నారు అన్నవి రెండో రకం. కంప్యూటర్‌కు ఈ తేడా తెలియదు, కేసు షీట్ మీద టైము చూసినవాళ్లకే తెలుస్తుంది.

విడదీసినా తీరని చిక్కులు రెండున్నాయి. 80 మందిలో ఇద్దరు పోతే 2.5 శాతం, ఇంకొక్కరు పోతే 3.75. అంత చిన్న గుంపు మీద గట్టిగా వాదించొద్దు. రెండోది ఇంకా పెద్దది: నర్సింగ్ హోమ్ వాళ్లు చెయ్యి దాటుతున్న రోగిని హైదరాబాద్‌కు రిఫర్ చేస్తే, ఆ చావు వాళ్ల రిజిస్టర్లో పడదు. ఇంట్లోవాళ్లు సంతకం పెట్టి తీసుకుపోయినవాళ్ల సంగతీ అంతే. అట్లా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో, వాళ్లేమయ్యారో తెలిసేదాకా ఆ 10 శాతాన్నీ, విడదీసిన 30, 5లనూ పక్కన పెట్టాల్సిందే.