"ఎకో పూర్తిగా తీసేస్తాం" అనే సర్వీసుకు డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం

పాత క్లాసు రికార్డింగులు బాగుచేయించుకోవాలని చూస్తున్నవాళ్లు జాగ్రత్త. "ఎంత ఎకో ఉన్నా స్టూడియో క్వాలిటీకి తెస్తాం" అన్న ప్రకటన చూసి గంట ఆడియోకు రూ. 2,000 చొప్పున ముందే కట్టాను. వాళ్ల పేరు రాయను. ఇదే మాట చెప్పి అమ్ముతున్నవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఏం జరిగిందో చెబుతాను.

మాది స్టాటిస్టిక్స్ పాఠం. హాలు పొడవు 15 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 4. గోడలు సిమెంటు, కింద గ్రానైటు, కర్టెన్ అన్నదే లేదు. చప్పట్లు కొడితే రెండు సెకన్లదాకా మోగుతూనే ఉంటుంది. కెమెరా వెనక వరసలో, సార్‌కు సుమారు పది మీటర్ల దూరంలో ఉంది. కాలర్ మైకు లేదు, రికార్డయింది కెమెరా మైకులోనే.

తిరిగొచ్చిన ఫైలు వినగానే ముచ్చటేసింది. సార్ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. కాసేపటికి "శాంపిల్ సైజు అరవై" అని స్పష్టంగా వినిపించింది. స్క్రీన్ మీద స్లైడులో మాత్రం 20 అని ఉంది. అసలు ఫైలు పెట్టి వింటే ఆ మాట ముందు అక్షరం "సైజు" తాలూకు మోతలో మునిగిపోయింది. వినిపించేది "...రవై" మాత్రమే. సాఫ్ట్‌వేర్ అక్కడ ఒక అక్షరాన్ని ఊహించి, మంచి గొంతుతో పలికించేసింది. ఎకో ఉన్నప్పుడు కనీసం అనుమానం వచ్చేది, ఇప్పుడు అదీ రాదు.

ఎందుకిలా అంటే లెక్క చిన్నదే. ధ్వని 60 డెసిబెల్స్ తగ్గడానికి రెండు సెకన్లు పడుతోందంటే, ఒక అక్షరం పలికి తర్వాతది పలికేలోపు, అంటే సుమారు 0.2 సెకన్లలో, తగ్గేది 6 డెసిబెల్సే. గట్టిగా పలికిన అచ్చు వెనక మిగిలే మోత, అంటే దాని తోక, తర్వాత వచ్చే మెత్తని హల్లును కప్పేస్తుంది. పైగా అలాంటి హాల్లో నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దమూ గోడల మోతా సమానమయ్యే దూరం సుమారు ఒక మీటరే. పది మీటర్ల దగ్గరికొచ్చేసరికి నేరుగా వచ్చేది మోతకన్నా దాదాపు 20 డెసిబెల్స్ కింద ఉంటుంది.

ఎకో తగ్గించే ప్రోగ్రాములన్నీ మోసమని కాదు. WPE అనే పద్ధతి ఉంది. అది కాస్త ముందు వినిపించిన శబ్దం నుంచి ఇప్పుడు మోగుతున్న తోక ఎంతో అంచనా వేసి తీసేస్తుంది, కొత్త మాటలేవీ కల్పించదు. నిజాయితీ గల పని, కానీ ఫలితం కొంచెమే: తోక పలచబడుతుంది, వినడానికి అలసట తగ్గుతుంది. అదీ గది ప్రవర్తన మారకుండా ఉంటేనే. సార్ బోర్డుకూ బల్లకూ మధ్య తిరుగుతుంటే దాని అంచనా తప్పుతుంది. కెమెరాలో ఆటో గెయిన్ ఆన్‌లో ఉంటే ఇంకా కష్టం: సార్ ఆగిన ప్రతిసారీ అది వాల్యూమ్ పెంచి తోకను పైకి లాగుతుంది. హాల్లో స్పీకర్లు మోగుతుంటే ఒకే మాట రెండు మూడు చోట్ల నుంచి వస్తుంది. గట్టిగా అరిచినప్పుడు పగిలిన శబ్దం, వెనక నుంచి పిల్లలడిగిన ప్రశ్నలు ఎలాగూ రావు. మా ఫైల్లో ఆ ప్రశ్నలు నీళ్లలోంచి మాట్లాడినట్టు బుడబుడమంటున్నాయి.

ఇక వాళ్లు చూపించే "ముందు, తర్వాత" శాంపిల్ సంగతి. నాకు పంపింది స్టూడియో గొంతుకు సాఫ్ట్‌వేర్‌తో ఎకో కలిపి, మళ్లీ తీసినదని నా అనుమానం. ఫ్యాను హోరు లేదు, దగ్గు లేదు, మనిషి కదల్లేదు. అలాంటిదాన్ని శుభ్రం చేయడం తేలిక.

అందుకే డబ్బు కట్టేముందు మీ రికార్డింగులోనే అన్నిటికన్నా అధ్వానంగా ఉన్న ఒక నిమిషం పంపి చేయించండి. అంకెలు, పేర్లు ఉన్న ముక్కైతే మంచిది, స్లైడుతోనో నోట్సుతోనో సరిచూసుకోవచ్చు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అసలుదీ కొత్తదీ మార్చి మార్చి వినండి. తీసేసిన భాగాన్ని విడిగా పంపమని కూడా అడగండి. అందులో మోత మాత్రమే వినిపించాలి. మాటలు అర్థమయ్యేలా వినిపిస్తే ఎకోతోపాటు గొంతునూ కోసేశారన్నమాట. వాడే పద్ధతి గొంతును కొత్తగా తయారుచేసేదా, ఉన్నదాంట్లోంచి తీసేదా అని సూటిగా అడగండి. నేనడిగితే "అది మా సీక్రెట్" అన్నారు.

సగం డబ్బు వెనక్కిచ్చారు, మిగతాది "ప్రాసెసింగ్ చార్జీ" అట. ఆ సిరీస్‌లో ఇంకా జరగాల్సిన పాఠాలకు మాత్రం సార్ చొక్కా జేబులో ఫోన్ పెట్టి, రికార్డర్ ఆన్ చేసి, తర్వాత వీడియోకు జతచేస్తున్నాం. గుడ్డ రాపిడి అప్పుడప్పుడూ వినిపిస్తోంది, కానీ ఇరవై ఇరవైగానే ఉంటోంది.