ముందు T₂నా, ముందు V₂నా? అడియబాటిక్ లెక్కకి ఏ దారి మేలు

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అక్క కొడుకు ఆదివారం పూట ఒక లెక్క తెచ్చాడు. వేడి లోపలికీ బయటికీ పోని సిలిండర్‌లో 1 మోల్ నైట్రోజన్ ఉంది. ఉష్ణోగ్రత 300 K, పీడనం 10 బార్. అది ఉత్క్రమణీయంగా, అంటే పిస్టన్ మీది బరువును ఇసుక రేణువుల్లా కొద్దికొద్దిగా తీస్తున్నట్టుగా, 1 బార్ దాకా వ్యాకోచించింది. చివరి ఉష్ణోగ్రత ఎంత, వాయువు చేసిన పని ఎంత?

"మామయ్యా, సార్ ఒకలా చేశారు, గైడ్‌లో ఇంకోలా ఉంది. ఏది చేయమంటావ్?" అన్నాడు. నోట్స్‌లో వాడికి వచ్చిన జవాబు 119.4 K. అది తప్పు. కానీ తేలిగ్గా తీసిపారేసే తప్పు కాదు, దాని సంగతి చివర్లో చెబుతాను.

సార్ చెప్పిన దారిలో ముందు ఉష్ణోగ్రత కట్టాలి. పీడనాలు తెలుసు కాబట్టి T₂ = T₁(P₂/P₁)^((γ−1)/γ). నైట్రోజన్‌కి γ = 1.4, కాబట్టి ఘాతం 0.4/1.4 = 0.2857. పీడనం పదో వంతుకి పడింది కనుక లాగ్ పట్టికతో ఒక్క తీసివేతలో పని అయిపోతుంది: log 300 = 2.4771, అందులోంచి 0.2857 తీస్తే 2.1914, అంటే 155.4 K. ఇక పని. వేడి రాలేదు, పోలేదు. మరి వాయువు చేసిన పనికి శక్తి ఎక్కడిది? దాని సొంత అంతరిక శక్తే. W = nCv(T₁ − T₂) = 1 × 20.79 × 144.6, సుమారు 3006 జౌళ్లు.

గైడ్ దారి ఘనపరిమాణాల మీదుగా పోతుంది. V₁ = nRT₁/P₁ = 2.494 లీటర్లు. PV^γ స్థిరం కాబట్టి V₂ = 2.494 × 10^(1/1.4) = 12.92 లీటర్లు. ఆ తర్వాత W = (P₁V₁ − P₂V₂)/(γ − 1) = (24.94 − 12.92)/0.4 = 30.05 లీటర్-బార్. ఒక లీటర్-బార్ అంటే 100 జౌళ్లు కనుక ఇదీ 3005 జౌళ్లే. జౌల్ తేడా వచ్చింది మధ్యలో అంకెలు కుదించినందుకే. కానీ T₂ ఇంకా మిగిలే ఉంది, దానికి P₂V₂/nR అని మళ్లీ ఒక మెట్టు ఎక్కాలి.

జవాబు ఒకటే అయినప్పుడు ఎంచుకోవడం దేనికి అనిపించవచ్చు. నా ఓటు మాత్రం సార్ దారికే. మెట్లు తక్కువ అన్నది చిన్న కారణం. అసలు కారణం వేరే ఉంది: 'ఉత్క్రమణీయం' అన్న షరతు లెక్కలో ఎక్కడ కూర్చుందో ఆ దారిలో కళ్లకు కడుతుంది. అది T₂ కట్టే మెట్టులో మాత్రమే ఉంది. పని కట్టే మెట్టు వట్టి శక్తి నిత్యత్వం, దానికి ఆ షరతుతో సంబంధం లేదు.

ఇదే సిలిండర్‌లో పిస్టన్ మీది బరువు ఒక్కసారిగా తీసేసి, బయటి పీడనం 1 బార్‌కి దించేశాం అనుకోండి. ఇప్పుడు PV^γ పనికిరాదు. వాయువు నెట్టేది మొదటి నుంచీ 1 బార్‌నే కాబట్టి Cv(T₁ − T₂) = P₂(V₂ − V₁) అని రాయాలి. రెండు పక్కలా R కొట్టేస్తే 2.5(300 − T₂) = T₂ − 30. దీన్నుంచి T₂ = 222.9 K. రెండో మెట్టు మారదు: 20.79 × 77.1, సుమారు 1603 జౌళ్లు. నెమ్మదిగా వదిలితే 3006, ఒక్కసారిగా వదిలితే దాదాపు సగం. పని తక్కువ చేసింది కాబట్టి వాయువు తక్కువే చల్లబడింది.

గైడ్ దారి పట్టినవాళ్లు ఇక్కడే తడబడతారు. ఆ పని సూత్రాన్ని పుస్తకంలో PV^γ సమాకలనం నుంచి రాబడతారు కదా, అందుకని అది ఉత్క్రమణీయానికే చెల్లుతుందని అనుకుంటారు. నిజానికి అది nCv(T₁ − T₂) వేసుకున్న ఇంకో చొక్కా మాత్రమే. V₂ సరిగ్గా కడితే రెండు రకాలకీ సరిపోతుంది. తప్పు జరిగేది బరువు ఒక్కసారిగా తీసిన లెక్కలో కూడా V₂ని PV^γతో కట్టినప్పుడు.

గైడ్ దారిని పూర్తిగా పక్కన పెట్టమని కాదు. కొన్ని ప్రశ్నల్లో ఉష్ణోగ్రతా ఇవ్వరు, మోల్‌లూ ఇవ్వరు. γ = 1.4 ఉన్న వాయువు 12.8 బార్ దగ్గర 1 లీటర్ నుంచి 32 లీటర్లకి వ్యాకోచించిందంటే, 32^1.4 = 128 కనుక P₂ = 0.1 బార్. పని (12.8 − 3.2)/0.4 = 24 లీటర్-బార్, అంటే 2400 జౌళ్లు. ఇక్కడ T వెతుక్కుంటూ పోవడం దండగ. ఒక్కటే జాగ్రత్త: పీడనం అట్మాస్ఫియర్లలో ఇస్తే 100 కాదు, 101.3తో గుణించాలి.

గుర్తు గురించి కూడా ఒక మాట. ఫిజిక్స్ పుస్తకం వాయువు చేసిన పనిని ధనంగా రాస్తుంది, కెమిస్ట్రీ పుస్తకం వాయువు మీద జరిగిన పనిని. ఒకే కుర్రాడు ఉదయం +3006 అనీ మధ్యాహ్నం −3006 అనీ రాయాలన్నమాట. పిల్లల టెన్షన్‌లో సగం ఇదే.

రెండు దారులూ Cv మారదన్న నమ్మకం మీదే నడుస్తాయి. 155 K నుంచి 300 K దాకా నైట్రోజన్ అణువులు కదులుతాయి, తిరుగుతాయి, కంపించడం మాత్రం దాదాపు ఉండదు. అందుకే 2.5R చక్కగా సరిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. దాని γ 300 K దగ్గర సుమారు 1.29, 200 K దగ్గర 1.35 దాకా ఉంటుంది. అలాంటప్పుడు ఒకే γ పట్టుకుని వెళితే రెండు దారుల్లోనూ T₂ పక్కకి జరుగుతుంది. T₂ని పట్టికల నుంచి తెచ్చుకుంటే సార్ దారిలో పని మెట్టు మళ్లీ బతుకుతుంది, nCvΔT బదులు అంతరిక శక్తుల తేడా వేస్తే చాలు. γ − 1తో భాగించే గైడ్ సూత్రానికి ఆ వెసులుబాటు లేదు.

ఇక మావాడి 119.4 K. పీడనాల నిష్పత్తికి 0.2857 ఘాతం వేయాల్సిన చోట, ఘనపరిమాణాల నిష్పత్తికి వేసే γ − 1 = 0.4 వేశాడు. పట్టుకోవడం ఎలాగో చూపించాను. 119.4 K, 1 బార్ దగ్గర V₂ = 9.93 లీటర్లు, అంటే 3.98 రెట్లు. 3.98^1.4 చేస్తే 6.9 వచ్చింది, రావాల్సింది 10. "అయితే ఈ జవాబు ఎందుకూ పనికిరాదా?" అన్నాడు నిరాశగా. సిలిండర్‌లో ఆర్గాన్ పోస్తే పనికొస్తుంది అన్నాను. ఆర్గాన్‌కి γ = 5/3, కాబట్టి (γ − 1)/γ అచ్చంగా 0.4. దానికి సరైన T₂ 119.4 కెల్విన్లే.

వాడు వెంటనే పని కూడా కట్టాడు: 12.47 × 180.6, అంటే 2252 జౌళ్లు. కాసేపు ఆ అంకె వైపే చూసి, "ఎక్కువ చల్లబడింది ఆర్గాన్, ఎక్కువ పని చేసింది నైట్రోజనా?" అన్నాడు. అవును. నైట్రోజన్ అణువు తిరగడంలోనూ శక్తి దాచుకుంటుంది. పనికి అక్కడి నుంచి కూడా ఇస్తుంది కాబట్టి ఎక్కువ ఇచ్చి కూడా తక్కువ చల్లబడుతుంది.