బిట్‌వార్డెన్ వాడకంలో ఎవరూ చెప్పని భాగం: మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం మిగులుతుంది

పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచి, ఒకే మాస్టర్ పాస్‌వర్డ్‌తో తెరుచుకునే బిట్‌వార్డెన్ యాప్‌ని నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఇంట్లో వాళ్లందరికీ పెట్టింది కూడా నేనే. రోజువారీ వాడకంలో పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. ఆటోఫిల్ ఎలా ఉంది, యాప్ ఎంత వేగం అని రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. మాస్టర్ పాస్‌వర్డ్ గుర్తులేని రోజున ఇది ఎలా ప్రవర్తిస్తుందో దగ్గరుండి చూశాను, అది రాస్తాను.

మర్చిపోయింది మా పెద్దమ్మగారి అబ్బాయి. కారణం మామూలుదే, ఫోన్‌లో వేలిముద్రతో తెరుచుకుంటుంటే ఆ పాస్‌వర్డ్ టైప్ చేయాల్సిన అవసరమే రాదు, నెలల తరబడి వాడనిది బుర్రలో ఎందుకు ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ డేటా శుభ్రం చేసినప్పుడు ఎక్స్‌టెన్షన్ లాగౌట్ అయిపోయింది, అప్పుడు బయటపడింది సంగతి. "ఒరేయ్, ఫోన్‌లో యాప్ తీసేసి మళ్లీ వేస్తే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంటుందేమో" అన్నాడు. "అన్నయ్యా, ఆ ఫోన్ ముట్టుకోవద్దు" అన్నాను, నిజంగానే టెన్షన్ వచ్చింది నాకు.

ఎందుకంటే లాక్ అవడం వేరు, లాగౌట్ అవడం వేరు. లాక్ అయినప్పుడు మన పాస్‌వర్డ్‌లన్నీ ఉన్న ఖజానా, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన వాల్ట్, ఫోన్‌లోనే ఉంటుంది, వేలిముద్ర పెడితే ఫోన్‌లో భద్రంగా దాచిన తాళం బయటికొచ్చి దాన్ని తెరుస్తుంది. లాగౌట్ అయినా, యాప్ తీసేసినా ఆ రెండూ పోతాయి. మళ్లీ లోపలికి రావాలంటే మామూలుగా మాస్టర్ పాస్‌వర్డే కావాలి. ఆండ్రాయిడ్‌లో ఇంకో చిక్కుంది, ఫోన్ సెట్టింగ్స్‌లో కొత్త వేలిముద్ర చేర్చినా పాత తాళం చెల్లకుండా పోయి మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పిన్‌తో తెరిచేవాళ్లయితే వరుసగా 5 సార్లు తప్పు కొడితే యాప్ లాగౌట్ చేసేస్తుంది. అందుకే మర్చిపోయామని తెలిసిన నిమిషం నుంచి, తెరుచుకుంటున్న ఆ ఒక్క ఫోన్‌నీ కదపకుండా చూసుకోవాలి.

చాలామంది ముందు కంపెనీకి మెయిల్ కొడతారు. దానివల్ల లాభం లేదు. మాస్టర్ పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర ఉండదు, దాన్నుంచి తాళం తయారయ్యేది మన పరికరంలోనే, సర్వర్‌లో ఉన్నదల్లా ఆ తాళం లేకుండా చదవలేని డేటా. లాగిన్ పేజీ నుంచి వాళ్లు మెయిల్‌కి పంపగలిగేది మనం మొదట్లో రాసుకున్న హింట్ ఒక్కటే. అన్నయ్య హింట్ వచ్చింది: "పాతదే". ఏ పాతదో దేవుడికే తెలియాలి.

రికవరీ కోడ్ అని ఒకటి దాచుకుని దానిమీద ధీమాగా ఉండేవాళ్లు కూడా ఉన్నారు. అది రెండంచెల లాగిన్‌ని ఆపడానికే, అంటే ఓటీపీ యాప్ ఉన్న ఫోన్ పోయినప్పుడు పనికొచ్చేది. అది వాడాలన్నా పక్కనే మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టాల్సిందే.

ఇక మిగిలింది తెరుచుకునే ఫోన్. అందులోంచి "Log in with device" పద్ధతిలో ల్యాప్‌టాప్‌ని లోపలికి తీసుకురావచ్చు. ల్యాప్‌టాప్‌లో మెయిల్ ఐడీ ఇచ్చి అది నొక్కితే ఫోన్‌కి రిక్వెస్ట్ వస్తుంది, రెండు చోట్లా ఒకే 5 మాటల పదబంధం కనిపిస్తోందా అని చూసుకుని ఫోన్‌లో ఒప్పుకుంటే చాలు. కాకపోతే ఇంతకుముందు లాగిన్ అయి, సర్వర్ గుర్తుపట్టే బ్రౌజర్‌లోనే ఆ అవకాశం వస్తుంది. అన్నయ్య బ్రౌజర్ డేటా తుడిచేశాడు కాబట్టి ఎక్స్‌టెన్షన్‌లో అది కనిపించనే లేదు. అదృష్టం, వేరే బ్రౌజర్‌లో ఎప్పుడో లాగిన్ అయి ఉన్నాడు, అక్కడ పనిచేసింది.

లోపలికొచ్చాక సంబరపడకండి. మాస్టర్ పాస్‌వర్డ్ మార్చాలంటే పాతది అడుగుతుంది, వాల్ట్ మొత్తాన్ని ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలన్నా అదే అడుగుతుంది. చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, అంతే. విసుగే, కానీ ఎవరైనా మన తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రెండు క్లిక్కుల్లో అన్నీ ఎత్తుకుపోకుండా ఆపేది కూడా ఇదే కాబట్టి దీన్ని లోపం అనలేను.

కాబట్టి చేత్తో మార్చాం. వేరే మెయిల్ ఐడీతో కొత్త ఖాతా తెరిచి, ఒక తెరలో పాతది, ఇంకో తెరలో కొత్తది పెట్టుకుని ఒక్కొక్కటీ ఎక్కించాం. ఇక్కడ వరుస ముఖ్యం. బ్యాంకు, షాపింగ్ సైట్ల పాస్‌వర్డ్‌లు పోయినా ఓటీపీతోనో మెయిల్ లింకుతోనో మళ్లీ పెట్టుకోవచ్చు. తిరిగి తెచ్చుకోలేనివి వేరే ఉంటాయి: సెక్యూర్ నోట్స్‌లో రాసుకున్నవి, ఇతర ఖాతాల రికవరీ కోడ్‌లు, హార్డ్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ తాళాలు, ఓటీపీలు పుట్టించే సీక్రెట్ కీలు, అటాచ్‌మెంట్లు. ముందు ఇవి, ఆ తర్వాత మెయిల్ పాస్‌వర్డ్, మిగతావి ఆఖర్న. పాస్‌వర్డ్ బదులు కొన్ని సైట్లలో వాడే పాస్‌కీలు మాత్రం కాపీ కావు, వాటిని ఇంకా లోపలికి వెళ్లగలిగే రోజుల్లోనే ఆయా సైట్లలో కొత్తగా చేసుకోవాలి, అన్నయ్య దాదాపు వదిలేసింది వీటినే.

అంతా అయ్యాక `vault.bitwarden.com/#/recover-delete` పేజీలో మెయిల్ ఐడీ ఇస్తే తొలగింపు లింకు వస్తుంది, దానికి మాస్టర్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. పాత ఖాతా పోయాక కొత్త ఖాతాకి పాత మెయిల్ ఐడీ పెట్టుకున్నాం. ప్రీమియం కట్టి ఉంటే ఖాతా తీసేశాక కంపెనీకి రాస్తే, ఆ చందాని కొత్తదానికి మారుస్తారు. సపోర్ట్ వాళ్లు పనికొచ్చేది ఇక్కడే.

తెరుచుకునే పరికరం ఒక్కటీ లేకపోతే? అప్పుడు మిగిలింది ఊహించడమే, అది మీకు ఎంత గుర్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. 7,776 మాటల జాబితాలోంచి యాదృచ్ఛికంగా 4 మాటలు తీసి పెట్టుకున్నారనుకోండి. మాటలన్నీ గుర్తుండి వరుస మర్చిపోతే 24 రకాలే, కాగితం మీద రాసుకుని ఓపిగ్గా కొట్టి చూడొచ్చు. ఒక మాట పోతే, అది ఏ స్థానంలోదో కూడా తెలియకపోతే సుమారు 31 వేలు. డెస్క్‌టాప్ యాప్ లాక్ స్థితిలో ఉండి డేటా చేతిలో ఉంటే కంప్యూటర్ తేలిగ్గా తేలుస్తుంది గానీ, లాగిన్ పేజీలో చేత్తో అయ్యే పని కాదు. నాలుగూ పోతే మాత్రం, సెకనుకి 10 వేలు ప్రయత్నించే యంత్రం ఉన్నా మొత్తం తిరగడానికి 11 వేల ఏళ్లు దాటుతుంది. డిఫాల్ట్‌గా ప్రతి ప్రయత్నానికీ 6 లక్షల సార్లు హాష్ లెక్క నడుస్తుంది, నెమ్మది కావాలనే పెట్టారు. "రికవర్ చేసిపెడతాం" అని డబ్బులడిగేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

ముందే పెట్టుకోగలిగిన దారి ఎమర్జెన్సీ యాక్సెస్, అంటే అవసరమైతే మన ఖాతాలోకి రావడానికి నమ్మకమైనవాళ్లకి ముందే అనుమతి ఇచ్చి పెట్టడం, ప్రీమియంలో నాకు నచ్చింది ఇదొక్కటే. మనం ప్రీమియంలో ఉండాలి, అవతలివాళ్లకి ఉచిత ఖాతా చాలు. నేను మా ఆవిడకి ఇచ్చాను, గడువు 7 రోజులు (1 నుంచి 90 వరకు పెట్టుకోవచ్చు). తను రిక్వెస్ట్ పెడితే నాకు మెయిల్ వస్తుంది, నేను కాదనకపోతే గడువు దాటాక దారి తెరుచుకుంటుంది. ఒప్పుకుంటే వెంటనే కూడా తెరుచుకుంటుంది, మర్చిపోయిన సందర్భంలో అదే కలిసొచ్చేది అనుకోవద్దు, ఒప్పుకోవడానికి మనం లోపల ఉండాలి కదా, కాబట్టి గడువు వరకూ ఆగాల్సిందే. ఇచ్చేటప్పుడు "View" కాకుండా "Takeover" ఎంచుకోండి, మొదటిదాంట్లో చూడటమే ఉంటుంది, రెండోదాంట్లో వాళ్లు మన ఖాతాకి కొత్త మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టగలరు.

ఫ్యామిలీ ప్లాన్ ఉంది కదా, నేను రీసెట్ చేసేస్తాలే అనుకునేవాళ్లకి: అడ్మిన్ ద్వారా ఖాతా రికవరీ బిట్‌వార్డెన్‌లో ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లోనే ఉంది, అదీ ఆ ఉద్యోగి ముందే నమోదై ఉంటేనే. కుటుంబంలో ఒకరు ఇంకొకరి ఖాతాని తిరిగి తేగలిగే పద్ధతి కావాలంటే ఇలాంటిదే ఇంకో యాప్ వన్‌పాస్‌వర్డ్, దాని ఫ్యామిలీస్ ప్లాన్‌లో ఉంది, ఆ ఒక్క విషయంలో అది మెరుగు.

ఎమర్జెన్సీ యాక్సెస్ పెట్టేవాళ్లు సగంలో ఆపేస్తున్నారు. మనం ఆహ్వానం పంపాలి, వాళ్లు ఒప్పుకోవాలి, ఆ తర్వాత మనం మళ్లీ లోపలికెళ్లి ఖరారు చేయాలి. మన తాళాన్ని వాళ్లు మాత్రమే తెరవగలిగేలా వాళ్ల పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసేది ఆ మూడో అడుగులోనే. అన్నయ్య పాత ఖాతాలో వదిన పేరు ఉంది, పక్కన చూస్తే "Needs confirmation".